నూట అరవై క్లాంపులు

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉంది. ఏ వస్తువును చూసినా ఇది ఇంతకంటే తక్కువతో కాదా అని అడగబుద్ధవుతుంది. మా ఇంట్లో దేవుడి తళిగకు, అంటే నైవేద్యానికి, పెట్టే గిన్నెలు కూడా లెక్కపెట్టి, మూడింటితో సరిపోయేదానికి అయిదెందుకని మా అమ్మతో తిట్లు తిన్నవాణ్ణి. మద్రాసులో ఓవర్సీరు చదువు చదివి తిరుపతికి వచ్చాక ఆ జబ్బుకు చేతిలో ఒక స్కేలు, చెవి మీద ఒక పెన్సిలు తోడయ్యాయి.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మా కాంట్రాక్టరుకు ఒక సత్రం పని దొరికింది. కొండకు పోయే యాత్రికులు దిగడానికి కట్టే సత్రం. గోడలు లేచాయి, కప్పు పడింది, ముఖానికి గచ్చు పని మిగిలింది. ముఖం పొడవు తొంభై ఆరడుగులు, ఎత్తు నలభై రెండు, గోడ నుంచి కాస్త ముందుకు వచ్చిన కంబాలు, అంటే స్తంభాలు, నాలుగు. సున్నం గచ్చు వేసి, అద్దంలా మెరిసేదాకా తోమాలని సత్రం కట్టించేవారి కోరిక.

మామూలుగా అయితే సవక కట్టెలు, అంటే సరుగుడు గుంజలు, పాతి, కొబ్బరి పీచు తాళ్ళతో కట్టే పరంజా సరిపోయేది. మా వైపు దాన్ని సారవ అంటారు. కానీ ఆ సారవకు అడ్డకట్టెల ఒక కొసను గోడలోకి దూర్చాలి. పని అయ్యాక కట్టె లాగేసి కన్నం పూడిస్తే, తోమిన గచ్చు మీద ఆ మచ్చ ఎన్నేళ్ళయినా కనబడుతుంది. పైగా యుద్ధంలో పొడుగాటి సవకలన్నీ పొయ్యిలోకే పోయాయి. అందుకని మా కాంట్రాక్టరు మిలిటరీవాళ్ళు వదిలేసిన ఇనప పైపుల పరంజా తెప్పించాలనుకున్నాడు. గోడకు ఎడంగా రెండు వరసల నిలువు పైపులు, వాటికి అడ్డపైపులు, తాడు ముడికి బదులు ఇనప క్లాంపు. గోడకు ఒక్క కన్నం కూడా అక్కర్లేదు.

"ఎంత కావాలో లెక్క వేసి ఇయ్యప్పా. మిలిటరీ డిపోవాళ్ళు ఒక్కసారే ఇస్తారు, మళ్ళీ పోతే సరుకు ఉండదు" అని ఆయన నాతో అన్నాడు.

నాకు అంతకంటే పండగ ఏముంటుంది.

సారవ కట్టే ముఠాకు పెద్ద ఒక మేస్త్రీ. యాభై దాటినవాడు, మాట తక్కువ మనిషి. మూడేళ్ళ కిందట చిత్తూరులో ఒక పని మీద సారవ నుంచి పడ్డాడు. పుత్తూరుకు ఎత్తుకుపోయి కట్టు కట్టించారు. ఎముక అతికింది గానీ కుడి మోకాలు మడత పడటం మానేసింది. అప్పటి నుంచి ఆయన పైకి ఎక్కలేదు. కింద నిలబడి తాళ్ళు తడిపించేవాడు, కట్టెలు తట్టి చూసి ఏది పనికొస్తుందో చెప్పేవాడు. ముడుల లెక్క మాత్రం ఆయన తమ్ముడు చెప్పేవాడు.

దానికి కారణం వాళ్ళ ఆచారం. ఆ ముఠాలో ఏ సారవకైనా ఎన్ని నిలువులు, ఎన్ని అడ్డాలు, ఎన్ని ముడులని లెక్క ఎవరు చెబుతారో, కట్టిన ప్రతి అంచె మీదికీ, అంటే ప్రతి అంతస్తు మీదికీ, ముందు వాళ్ళే ఎక్కాలి. వాళ్ళు ఎక్కి, పలక మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి దిగాకే మిగతావాళ్ళు కాలు పెడతారు. ఎక్కలేని మనిషి లెక్క చెప్పకూడదు. ఆ మాట ఎక్కడా రాసి లేదు, ఎవరూ దాటిందీ లేదు.

లెక్క వేసే ముందు నేను రెండు రోజులు పక్క వీధిలో వాళ్ళు సవక సారవ కట్టడం చూస్తూ కూర్చున్నాను. ఒక అంచె పని అయిపోగానే పలకలు, పలకల కింది పొట్టి కట్టెలు విప్పి పై అంచెకు తీసుకుపోయేవాళ్ళు. ఒకే పలకలు కింద నుంచి పైదాకా ప్రయాణం చేసేవి. నాకు అది భలే నచ్చింది. మనుషులు ఒకేసారి ఒక అంచె మీదే నిలబడతారు కదా. మరి పలకలు తిరిగితే అడ్డాలెందుకు తిరగకూడదు?

ఆ ప్రశ్న పట్టుకుని కాగితం మీద కూర్చున్నాను. ఎనిమిది అడుగులకు ఒక జత నిలువులు పెడితే తొంభై ఆరడుగులకు పదమూడు జతలు, అంటే ఇరవై ఆరు నిలువులు. అంచెకు ఆరడుగులు చొప్పున ఆరు అంచెలు. ఆరో అంచె ముప్పై ఆరడుగుల మీద పడుతుంది, అక్కడ నిలబడితే చెయ్యి గోడ నెత్తిని అందుకుంటుంది. నిలువు ఒక్కోటి నలభై అడుగులు. నిలువుల విషయంలో తగ్గించేదేమీ లేదు, కింద నుంచి పైదాకా నిలబడాల్సిందే. మొత్తం వెయ్యిన్నీ నలభై అడుగులు.

ఇక క్లాంపులు. ముందు వరసకు ఒకటి, వెనక వరసకు ఒకటి, పొడవునా పోయే అడ్డపైపులు ఒక అంచెలో ఇరవై ఆరు నిలువులనూ తాకుతాయి. తాకినచోటల్లా ఒక క్లాంపు. ముందు వెనక వరసలను కలిపే పొట్టి పైపు జతకు ఒకటి, దానికి రెండు కొసలా రెండు క్లాంపులు, మరో ఇరవై ఆరు. అంచెకు యాభై రెండు. ఆరు అంచెలకు మూడు వందల పన్నెండు.

నేను అక్కడ ఆగి నవ్వుకున్నాను. ఆరు అంచెలెందుకు? మనుషులు నిలబడే అంచె, దాని కింది అంచె ఉంటే చాలు. పైకి పోయేకొద్దీ అట్టడుగుది విప్పి పైన బిగించడమే. రెండు అంచెలకు నూట నాలుగు. పలకల కింద ఆనికకు పెట్టి వాటితో పాటు తిరిగే మధ్య పైపులకూ, మనుషులు పడకుండా పెట్టే నడుమెత్తు కమ్మీకీ కలిపి ముప్పై ఏడు. అయింది నూట నలభై ఒకటి. పోతే పోయాయని నూట అరవై రాశాను. అడ్డపైపులు పదహారు అడుగులవి ఇరవై నాలుగు. ఇంత తక్కువతో ఇంత గోడను ఎవడు కట్టగలడని ఆ సాయంత్రం కాళ్ళు నేల మీద ఆనలేదు.

సరుకు రేణిగుంటకు గూడ్సులో వచ్చింది. బండ్ల మీద సత్రం దగ్గరికి చేరాక మేస్త్రీ ఒక క్లాంపు చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు. స్పానరుతో పైపుకు బిగించి, విప్పి, మళ్ళీ బిగించాడు.

"తడపాల్సిన పని లేదు. ఎండకు వదులయ్యేదీ లేదు. మంచి ముడే స్వామీ ఇది" అన్నాడు. తరవాత పెట్టెల వైపు చూసి, "ఇంగా యాడుండాయి?" అని అడిగాడు.

"ఇంతే మేస్త్రీ. నూట అరవై" అన్నాను.

నా పథకం చెప్పాను, అడ్డపైపులు అంచె నుంచి అంచెకు ఎలా తిరుగుతాయో. విని తల ఊపాడు. ఆ తల ఊపడం ఒప్పుకోవడమని నేను అనుకున్నాను. ఆయన నోటి నుంచి ఔనన్న మాట రాలేదని గమనించే తెలివి నాకు లేదు.

"అంతా ఎత్తకండప్పా. ఈ కొసన మూడు జతలు నిలబెట్టండి సాలు" అని ముఠాతో చెప్పాడు.

మూడు జతలూ నిలబడ్డాయి. పక్కపక్క నిలువులకు అతుకు ఒకే ఎత్తులో రాకుండా, ఒకదానికి కింద ఇరవై అడుగుల పైపు, పక్కదానికి పది అడుగులది పెట్టాడు. ఇనుముకు అలా చెయ్యాలని ఆయనకు ఎవరూ నేర్పలేదు, సవకకు చేసేదే ఇక్కడా చేశాడు. ఆరడుగుల మీద ఒక అడ్డం, పన్నెండు మీద ఒకటి, పద్దెనిమిది మీద ఒకటి బిగించారు. అప్పుడు నా లెక్క ప్రకారం అట్టడుగు ఆరడుగుల అడ్డపైపులు విప్పేశారు. పద్దెనిమిది మీద పలకలు పరిచారు.

మేస్త్రీ ఒక తాడు తెచ్చి నా నడుముకు కట్టి, రెండో కొస పైనున్న కిటికీ కమ్మీకి ముడి వేయించాడు.

"ఇదెందుకు మేస్త్రీ?"

"లెక్క ఇచ్చినాయన ముందు ఎక్కాల. మా ముఠా పద్ధతి. తాడు నా తృప్తికి."

నిచ్చెన ఎక్కుతున్నంతసేపూ బాగానే ఉంది. పలక మీద రెండడుగులు వేశాను. కింద పన్నెండు అడుగులు ఏ అడ్డమూ లేకుండా బోడిగా నిలబడ్డ పైపులు నా అడుగుతో పాటు పక్కకు వాలాయి. ఆగాను. అవి ఆగలేదు. మళ్ళీ ఇవతలికి వచ్చాయి. భయం వేసిందని చెప్పడానికి సిగ్గు లేదు. ఆ భయంలోనే, కాగితం మీద కనబడనిది అరికాళ్ళకు తెలిసిపోయింది. అడ్డపైపు మనుషులు నిలబడటానికి కాదు. అది నిలువును మధ్యలో పట్టుకోవడానికి. పలకకు పని లేనప్పుడు సెలవు ఉంటుంది, అడ్డపైపుకు ఉండదు.

దిగాక మేస్త్రీ తాడు విప్పుతూ మెల్లగా అన్నాడు. "ఇప్పుడు కింద బోడిగా ఉండేది పన్నెండడుగులే. నీ లెక్కన నెత్తికి పోయేసరికి ముప్పై ఉంటాది స్వామీ. దాని మీద గచ్చు తట్టలు, పదిమంది మనుషులు."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు కాగితం చూపిచ్చేవాడివి."

నిజమే, చూపించేవాణ్ణే.

ఆ మధ్యాహ్నమే చిత్తూరు నుంచి కాంట్రాక్టరు వచ్చాడు. మూడు జతల పైపులు, నేల మీద కూర్చున్న ముఠా కనబడ్డాయి. పని ఎందుకు ఆగిందని అడిగాడు. "క్లాంపులు సాలవు సామీ" అని మేస్త్రీ తమ్ముడు అన్నాడు.

"నూట అరవై ఉంటే సాలవా? మీకు తాడు తప్ప ఇనుము యాడ తెలుసు?" అని ఆయన మేస్త్రీ వైపు తిరిగాడు. "ఎక్కలేనివాణ్ణి పెద్దగా పెట్టుకున్నాను సూడు, నాది తప్పు. మూడు దినాలు సూస్తా. అప్పటికి గోడ ముందర సారవ లేయకపోతే మద్రాసు నుంచి ఇనప పని తెలిసినోళ్ళను పిలిపిస్తా. ఇంగ మీరు వేరే పని సూసుకోండి."

మేస్త్రీ నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేవాణ్ణేమో. లెక్క నాదని ఒక్క మాట అంటే చాలు. నా నోరు పెగల్లేదు. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి, మొదటి ఉద్యోగం, అని ఎన్నో సాకులు చెప్పుకోవచ్చు. నేను పిరికివాణ్ణయ్యాను, అంతే. కాంట్రాక్టరు బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

మరునాడు పొద్దున నేను వెళ్ళేసరికి మేస్త్రీ ఇసక కుప్ప పక్కన, మడత పడని కాలు ముందుకు చాచి కూర్చుని ఉన్నాడు. ముందర ఇసకను చదును చేసి, వేప పుల్లలు పరుస్తున్నాడు. నన్ను చూసి పక్కకు జరిగాడు.

"సారవను పైకి నడిపిస్తే కూలుతాది. పక్కకు నడిపిస్తే?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన పుల్లతో సత్రం ముఖాన్ని గీసి, రెండుచోట్ల నిలువుగా కోసి, మూడు ముక్కలు చేశాడు. "ముఖాన కంబాలు ఉండాయి కద, ముప్పై రెండు అడుగులకు ఒకటి. ఒక కంబం నుంచి ఇంగో కంబం దాకా కింద నుంచి నెత్తిదాకా పూర్తిగా కడదాం. గచ్చు నెత్తిన మొదలుపెట్టి కిందికి తోముకుంటా రావాల. ఒక్కో అంచె అయినాక విప్పేది పక్క ముక్కలో ఎత్తేది. గచ్చు అతుకు కంబం మూలన పడితే ఎవురికీ కనపడదు."

నేను గభాలున కూర్చున్నాను. పెన్సిలు తీశాను. ముప్పై రెండు అడుగులంటే నాలుగు గళ్ళు, అయిదు జతలు, పది నిలువులు. ఆరు అంచెలూ పూర్తిగా, ఏదీ విప్పకుండా. అడ్డపైపులు ఎన్ని? అంచెకు రెండు వరసలు, వరసకు పదహారు అడుగులవి రెండు. అంచెకు నాలుగు. ఆరు అంచెలకు ఇరవై నాలుగు.

ఇరవై నాలుగు! నేను తెప్పించినవి సరిగ్గా అన్నే. తొంభై ఆరడుగుల పొడవున రెండు అంచెలకు ఎంత పైపు పడుతుందో, ముప్పై రెండు అడుగుల పొడవున ఆరు అంచెలకూ అంతే. పొడవు మూడోవంతయింది, అంచెలు మూడు రెట్లయ్యాయి. ఎంత చక్కగా ఉందో ఆ లెక్క, తప్పు చేసినవాణ్ణన్న సంగతి కాసేపు మరిచిపోయాను. క్లాంపులు మాత్రం సరిగ్గా మూడోవంతు కావు. ముక్క చేసినప్పుడల్లా కొసన ఒక జత నిలువులు అదనంగా పడతాయి, పదమూడు జతలు మూడు అయిదులవుతాయి. అందుకని అంచెకు ఇరవై, ఆరింటికి నూట ఇరవై. పలకల కింది మధ్య పైపులకు ఎనిమిది, కమ్మీకి అయిదు. నూట ముప్పై మూడు.

"ఇరవై ఏడు మిగులుతాయి మేస్త్రీ" అన్నాను.

"మిగలనీ. కిటికీల్లో అడ్డంగా పైపు పెట్టి సారవను గోడకు పట్టుకోవాల, దానికి కొన్ని. ఇంగ మిగిలిన నిలువులుండాయి కద, వాటితో పక్క ముక్క అడుగు అంచె ముందే లేపచ్చు. ఈడ నెత్తిది విప్పేసరికి ఆడ కింద సిద్ధంగా ఉంటాది."

నిలువులు నేను మొత్తం పొడవుకు తెప్పించి ఉన్నాను కదా. వెయ్యిన్నీ నలభైలో నాలుగు వందలు పోతే ఆరు వందల నలభై అడుగులు చేతిలో. నేను తగ్గించలేకపోయిన ఒక్క వస్తువే ఇప్పుడు పనికొస్తోంది.

ఊగకుండా ఏటవాలుగా బిగించే పైపులకు తిరిగే క్లాంపులు, నూట అరవైలో చేరనివి, వేరే పెట్టెలో ఉండనే ఉన్నాయి. ఇంక కట్టడమే ఆలస్యం. ముఠా అంతా చుట్టూ చేరింది. తమ్ముడు అడిగాడు. "లెక్క ఎవురిదన్నా?"

ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో అందరికీ తెలుసు. మేస్త్రీ నోరు విప్పక ముందే నేను, "నాదే. కూడికలు నావి" అన్నాను. ఆయన మోకాలిని కాపాడుతున్నాననుకున్నాను.

"కూడింది నువ్వు. పుల్లలు పరిసింది నేను" అన్నాడు మేస్త్రీ. "ముందు నేనే ఎక్కాల."

తమ్ముడు స్పానరు తీసుకుని లేచాడు.

మొదటి ముక్క కట్టడం మొదలుపెట్టారు. ప్రతి అంచె మీదికీ ముందు మేస్త్రీ ఎక్కాలి కాబట్టి, ఒక అంచె బిగించగానే పని ఆగేది. మొదటి అంచె ఎక్కడానికి ఆయనకు పట్టిన సమయంలో నేను సత్రం చుట్టూ ఒకసారి తిరిగి రావచ్చు. మడత పడని కాలును పక్కకు చాచి, చేతులతో ఒంటిని లాక్కుని, ఎడమ కాలును మాత్రం మెట్టు మీద పెట్టేవాడు. ఆ కొస నుంచి ఈ కొసకు నడిచి దిగేవాడు. చెయ్యి ఇస్తామంటే వద్దనేవాడు. రెండో రోజు మధ్యాహ్నానికి అయిదు అంచెలు అయ్యాయి. ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

మూడో రోజు కాంట్రాక్టరు వచ్చేసరికి ఆరో అంచె బిగింపు పూర్తయింది. నిచ్చెన కట్టి ఉంది. ఇంకా ఎవరూ ఎక్కలేదు. ఆయన తలెత్తి చూశాడు. సారవ నెత్తిదాకా ఉంది, గోడను అంటకుండా నిటారుగా ఉంది.

"మరి ఆ పొద్దు సాలవంటిరే" అన్నాడు.

ఈసారి నేను ఆలస్యం చేయలేదు. "తక్కువ రాసింది నేను. అడ్డపైపులు పైకి తిప్పొచ్చనుకున్నాను, అది తప్పు. ఉన్నవాటితోనే పని నడిపే లెక్క మేస్త్రీది. మొన్ననే చెప్పాల్సింది, నోరు రాలేదు" అన్నాను.

ఆయన తిడతాడనుకున్నాను. "మొన్న చెప్పుంటే ఒక మనిషిని ఊరికే మాటనకుండా ఉండేవాణ్ణి" అన్నాడు. అది తిట్టుకంటే గట్టిగా తగిలింది. తరవాత మేస్త్రీ వైపు తిరిగి, "నువ్వు ఎక్కొద్దులేప్పా. సూసినాను, సాలు" అన్నాడు.

మేస్త్రీ తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "ఎక్కకపోతే వీళ్ళెవురూ ఎక్కరు సామీ" అని నిచ్చెన పట్టుకున్నాడు. నేను వెనకే ఎక్కాను. ఎవరూ పిలవలేదు, వద్దని కూడా అనలేదు.

ముప్పై ఆరడుగుల మీద గాలి వేరుగా ఉంది. మేస్త్రీ కొండ వైపు చూడలేదు, ఊరి వైపు చూడలేదు. పలక మీద మధ్యకు నడిచి, రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, ఒంటిని అటూ ఇటూ ఊపాడు. సారవ కదల్లేదు. ఒక్కో క్లాంపునూ చేత్తో తడుముతూ ఆ కొసదాకా పోయి వచ్చాడు. మూడేళ్ళ తరవాత అంత ఎత్తున నిలబడ్డ మనిషి ముఖంలో ఏం కనబడుతుందోనని చూశాను. ఎక్కడో పెట్టి మరిచిన వస్తువు చేతికి దొరికితే, ఇదేనా అది అని తిప్పి చూసుకునేవాడిలా ఉన్నాడు.

తిరిగి నిచ్చెన దగ్గరికి వచ్చాక ఆగాడు. కిందికి చూశాడు. కమ్మీ మీద ఉన్న ఆయన చెయ్యి బిగుసుకుంది. అప్పుడు తట్టింది నాకు. రెండు రోజులుగా దిగేటప్పుడు కూడా ఎవరి సాయమూ తీసుకోలేదు గానీ, ఇంత ఎత్తు నుంచి ఆయన ఆఖరిసారి కిందికి వచ్చింది పడిపోయి.

"స్వామీ, నువ్వు ముందు దిగు" అన్నాడు, కింద ఉన్నవాళ్ళకు వినబడనంత మెల్లగా. "నాకు నా కాలు కనపడదు. యాడ పెట్టాలో కింద నుంచి నువ్వు చెప్పుకుంటా పో."

నేను దిగాను. ఆయన కుడి మడమ నా ముఖం ముందు గాలిలో ఆగేది. "ఇంకొంచెం కిందికి, ఆ, ఇప్పుడు ఆనించు" అనేవాణ్ణి. ఆనించేవాడు. ఒకటి, రెండు, మూడు అని మెట్లు ఆయనకు వినబడేలా లెక్కపెట్టాను. అంతకు ముందు నేను తప్పు లెక్క ఇచ్చినవాణ్ణని ఆయనకు తెలుసు. అయినా ముప్పై ఆరు మెట్లకూ ఒక్కసారి కూడా, నేను చెప్పాక, ఆనించే ముందు ఆగి చూసుకోలేదు.